ఐ యామ్ హ్యావింగ్ టూ బ్రదర్స్: ఒక్క వాక్యం చుట్టూ తిరిగిన నా థియరీ చాప్టర్

నా పీహెచ్‌డీ తెలుగువాళ్ళ ఇంగ్లీషు మీద. ఏళ్ళ తరబడి ఇంగ్లీషులోనే ఉద్యోగం చేసి, ఇంగ్లీషులోనే మెయిళ్ళు రాసి, అమెరికాలో కాపురం పెట్టినా కూడా కొన్ని వాక్యాలు మాత్రం మనిషిని వదలవు కదా, అవెందుకు వదలవు అన్నది నా ప్రశ్న. డేటా సేకరణ, ట్రాన్స్‌క్రిప్షన్ కష్టం అని అందరూ అంటుంటే అదే అనుకున్నా గానీ, నా టైమంతా తినేసింది థియరీ చాప్టరే. ఇంటర్‌లాంగ్వేజ్, ట్రాన్స్‌ఫర్, ఫాసిలైజేషన్ అని మూడు మాటలు ప్రతి పేపర్లోనూ పక్కపక్కనే కనిపిస్తాయి, చదువుతుంటే మూడూ ఒకే కథలో భాగాల్లా అనిపిస్తాయి, కానీ నా దగ్గరున్న ఒక్క మనిషి రికార్డింగులు ముందు పెట్టుకుని ఒక్కోదాన్ని రుజువు చేద్దామని కూర్చుంటే మూడింటికీ మూడు రకాల సాక్ష్యం కావాలి. అది ఎలా తెలిసొచ్చిందో రాస్తున్నా, ఈ సబ్జెక్టులోకి కొత్తగా వచ్చేవాళ్ళకి పనికొస్తుందని.

ముందు ఆ మూడు మాటల సంగతి. లారీ సెలింకర్ 1972లో ‘ఇంటర్‌లాంగ్వేజ్’ అనే పేపర్ రాశాడు. పెద్దయ్యాక రెండో భాష నేర్చుకునే మనిషి మాట్లాడేది మాతృభాషా కాదు, నేర్చుకోవాలనుకుంటున్న టార్గెట్ భాషా కాదు, మధ్యలో దానికంటూ సొంత నియమాలున్న మూడో వ్యవస్థ అన్నాడు. ఆ వ్యవస్థని ఐదు ప్రక్రియలు తయారుచేస్తాయన్నాడు: మాతృభాష అలవాట్లు కొత్త భాషలోకి దిగే ట్రాన్స్‌ఫర్, చదువు చెప్పిన పద్ధతి నుంచి వచ్చే ట్రాన్స్‌ఫర్, నేర్చుకునే వ్యూహాలు, మాట్లాడి గట్టెక్కే వ్యూహాలు, ఒక నియమాన్ని అవసరానికి మించి సాగదీయడం. వీటిలో ఏదో ఒకదాని వల్ల వచ్చిన రూపం, ఎంత వయసొచ్చినా ఎంత చెప్పినా పోకుండా అక్కడే ఉండిపోతే అది ఫాసిలైజ్ అయినట్టు. టార్గెట్ భాషని పూర్తిగా అందుకునేవాళ్ళు నూటికి ఐదుగురు ఉంటారేమో అని కూడా అన్నాడు, అది ఆయన అంచనా మాత్రమే, లెక్కపెట్టి తేల్చింది కాదు, అయినా తర్వాత చాలామంది దాన్ని లెక్కలాగే వాడేశారు.

నేను రికార్డ్ చేసింది మాకు దూరపు చుట్టం, వరసకి బాబాయి అవుతారు. గుంటూరు జిల్లాలో జిల్లా పరిషత్ హైస్కూల్లో చదివి, ఇంజనీరింగ్ అయ్యాక కొన్నాళ్ళు హైదరాబాద్‌లో చేసి, టెక్సాస్ వెళ్ళి ఇరవై ఏళ్ళు దాటింది. ఇంగ్లీషు గడగడా మాట్లాడతారు, మీటింగులు నడిపిస్తారు. ఆయన నోట్లోంచి వచ్చిన వాక్యమే నా చాప్టర్‌కి కేంద్రం అయింది: ‘ఐ యామ్ హ్యావింగ్ టూ బ్రదర్స్, బోత్ ఆర్ ఇన్ ఇండియా.’ దాంతోపాటు ‘ఐ యామ్ నాట్ నోయింగ్ హిజ్ నంబర్’, ‘ఐ యామ్ నాట్ అండర్‌స్టాండింగ్ వై దే డూ లైక్ దిస్’, ఇలాంటివీ ఉన్నాయి. ఇంగ్లీషులో హ్యావ్, నో, అండర్‌స్టాండ్ లాంటి స్థితిని చెప్పే క్రియలకి మామూలుగా ఐఎన్‌జీ తగిలించరు కాబట్టి ఇవి బయటికి ఒకే రకం తప్పులా కనిపిస్తాయి.

ఇది తెలుగు ప్రభావమే కదా అని ఎవరైనా అంటారు. కానీ ట్రాన్స్‌ఫర్ అనాలంటే సెలింకరే చెప్పిన పద్ధతి ప్రకారం మూడు వాక్యాలు పక్కపక్కన పెట్టాలి, ఆ మనిషి మాతృభాషలో ఏమంటాడో, టార్గెట్ భాషవాళ్ళు ఏమంటారో, ఈయన ఇంగ్లీషులో ఏమన్నాడో. పెట్టి చూశా. ‘నాకు ఇద్దరు తమ్ముళ్ళున్నారు.’ ఇందులో చేస్తున్నా, వస్తున్నా లాంటి -తున్న రూపం ఎక్కడుంది? లేదు. ‘వాడి నంబర్ నాకు తెలీదు.’ తెలుసు, తెలీదు అనే మాటల్లో కూడా -తున్న లేదు. అంటే ఈ రెండు చోట్లా తెలుగుని ఉన్నదున్నట్టు దించితే ‘ఐ హ్యావ్’, ‘ఐ డోంట్ నో’ వైపుకే రావాలి, తెలుగు ఆయనకి సాయమే చేయాలి. అదే మూడో వాక్యం చూడండి, ‘వీళ్ళెందుకిలా చేస్తారో నాకు అర్థం కావట్లేదు.’ ఇక్కడ తెలుగులోనే నడుస్తున్న పని రూపం ఉంది. కనిపిస్తోంది, వినిపిస్తోంది, నమ్ముతున్నా, ఇవన్నీ అంతే. కాబట్టి ‘నాట్ అండర్‌స్టాండింగ్’ తెలుగు నుంచి వచ్చిందంటే ఒప్పుకోవచ్చు, ‘హ్యావింగ్’, ‘నోయింగ్’ వచ్చాయంటే మాత్రం దారి చూపించాలి. ఒకే తప్పులా కనిపించేవాటికి లోపల వేరే వేరే కారణాలుండొచ్చు అని నాకు ఇక్కడే గట్టిగా పట్టుబడింది.

దారి లేదా అంటే ఒకటుంది, అది నాకు చాలా నచ్చింది కూడా. తెలుగులో ‘చేస్తున్నారు’ అంటే అసలు చేస్తూ ఉన్నారు. ఆ ‘ఉన్నారు’, ‘తమ్ముళ్ళున్నారు’లో ‘ఉన్నారు’ ఒకటే. నేర్చుకునే మనిషి మనసులో ‘ఉన్న’ అనగానే ఐఎన్‌జీ అని ముడి పడిపోతే, ‘తమ్ముళ్ళున్నారు’ అన్నప్పుడు కూడా ‘హ్యావింగ్’ రావచ్చు కదా. నేను దీన్ని నాలుగు పేజీలు రాసి గైడ్ మేడమ్‌కి ఇస్తే ఆవిడ చదివి ఒక్కటే అడిగారు: “బాగానే ఉందమ్మా, మరి ఈ ముడి లేని భాషలవాళ్ళు ‘ఐ యామ్ హ్యావింగ్’ అనకూడదు కదా, అంటున్నారో లేదో చూశావా?”

ఆవిడ అడిగింది స్కాట్ జార్విస్ 2000లో పెట్టిన షరతుల గురించే. ట్రాన్స్‌ఫర్ అని చెప్పాలంటే మూడు చూపించాలన్నాడాయన. ఒకే మాతృభాషవాళ్ళు ఒకేలా చేయాలి, వేరే మాతృభాషవాళ్ళు వేరేలా చేయాలి, మాతృభాషలో వాళ్ళు చేసేదానికీ రెండో భాషలో చేసేదానికీ పోలిక కనబడాలి. ఆయన డేటా ఫిన్లాండ్‌ది, అక్కడ ఫిన్నిష్ మాతృభాషవాళ్ళూ స్వీడిష్ మాతృభాషవాళ్ళూ ఒకే దేశంలో దాదాపు ఒకే రకం చదువులో ఇంగ్లీషు నేర్చుకుంటారు, కాబట్టి ఇంగ్లీషులో తేడా వస్తే దాన్ని మాతృభాషకి అంటగట్టడం కాస్త సులువు. మన దగ్గర ఆ సౌకర్యం లేదు. తెలుగాయన, హిందీ ఆయన, తమిళాయన అందరూ ‘ఐ యామ్ హ్యావింగ్’ అనే అంటారు. హిందీలో కూడా ‘ఉంది’ అనే మాటే నడుస్తున్న పని రూపంలోనూ వస్తుంది కాబట్టి నా ముడి సిద్ధాంతం అక్కడ బతుకుతుంది అనుకోవచ్చు, కానీ స్థితి క్రియలకి ఐఎన్‌జీ పెట్టడం నైజీరియా, కెన్యా ఇంగ్లీషుల్లో కూడా ఉందని రికార్డయింది, వాళ్ళ భాషలు వేరే కుటుంబాలవి. అందుకని జార్విస్ రెండో షరతు దగ్గర నా వాదన బలహీనపడింది. పూర్తిగా పోలేదు, ఎందుకంటే ఒకే ఫలితానికి వేరే వేరే భాషల్లో వేరే వేరే దారులుండొచ్చు, కానీ ‘తెలుగు వల్లే’ అని రాసే హక్కు నాకు లేదు.

పోనీ సాగదీయడం అందామా, ఐఎన్‌జీ నేర్చుకుని అన్ని క్రియలకీ పెట్టేస్తున్నారని? దానికీ ఒక అడ్డం ఉంది. రోజర్ బ్రౌన్ 1973లో ఇంగ్లీషు మాతృభాషగా ఎదిగే పిల్లల మీద రాసిన పుస్తకంలో గమనించిందేంటంటే, పిల్లలు గతకాలం రూపాన్ని ఎడాపెడా సాగదీస్తారు, ‘గోడ్’ అంటారు, ‘కమ్డ్’ అంటారు, కానీ ఐఎన్‌జీని స్థితి క్రియలకి సాగదీయడం దాదాపు కనబడదు. అంటే ఇది ఎవరికైనా సహజంగా వచ్చే సాగదీత కాదు.

అప్పుడు మిగిలింది సెలింకర్ లిస్టులో అందరూ దాటేసి వెళ్ళిపోయే రెండోది, చదువు చెప్పిన పద్ధతి నుంచి వచ్చే ట్రాన్స్‌ఫర్. ఆయన దీనికి ఇచ్చిన ఉదాహరణ అద్భుతంగా ఉంటుంది. సెర్బో-క్రొయేషియన్ మాట్లాడేవాళ్ళు ఇంగ్లీషులో హీ, షీ తేడా పాటించలేకపోతున్నారు, ఆడవాళ్ళ గురించి కూడా హీ అనేస్తున్నారు. వాళ్ళ భాషలో ఆ తేడా లేదేమో అనుకుంటాం, కానీ ఉంది, శుభ్రంగా ఉంది. సమస్య ఎక్కడంటే పాఠ్యపుస్తకాల్లో డ్రిల్లులన్నీ హీ తోనే ఉండేవి. మాతృభాష సాయం చేయాల్సిన చోట కూడా తప్పు నిలబడింది అన్నది ఇక్కడ అసలు విషయం, నా హ్యావింగ్ పరిస్థితీ అదే. బాబాయిని అడిగితే, వాళ్ళ స్కూల్లో ప్రెజెంట్ కంటిన్యువస్ అనగానే క్రియల లిస్టు ఒకటి ఇచ్చి అన్నిటికీ ఐఎన్‌జీ పెట్టి వరసగా చదివించేవారట, ఈట్, ఈటింగ్, గో, గోయింగ్, హ్యావ్, హ్యావింగ్, నో, నోయింగ్, ఏ క్రియకి పెట్టకూడదో ఆ లిస్టులో లేదు. ఇది ఆయన జ్ఞాపకం, సాక్ష్యంగా బలహీనమే, కానీ దిశ మాత్రం సరిగ్గా కుదిరింది.

ఇక లెక్కపెట్టే పని. ఇది రాయకపోతే ఈ వ్యాసం అన్యాయమే, ఎందుకంటే థియరీ అంతా ఇక్కడే తేలుతుంది. మొదట చేయాల్సింది తప్పు కానివాటిని తీసేయడం. ‘వీ ఆర్ హ్యావింగ్ లంచ్’, ‘షీ ఈజ్ హ్యావింగ్ ఎ బేబీ’, ‘ఐ యామ్ హ్యావింగ్ ట్రబుల్ విత్ దిస్ లాప్‌టాప్’, ఇవి అమెరికావాళ్ళూ అంటారు, ఎందుకంటే ఇక్కడ హ్యావ్ అంటే ఉండటం కాదు, జరగడం. ఇవి కలిపేస్తే లెక్క ఉబ్బిపోతుంది. రెండోది ఇంకా ముఖ్యం: హ్యావింగ్ అన్న చోట్లు మాత్రమే కాదు, ‘ఉంది’ అని చెప్పాల్సి వచ్చిన ప్రతి చోటూ రాసుకోవాలి, ‘ఐ హ్యావ్’, ‘ఐ గాట్’, ‘దేర్ ఈజ్’ అన్నీ. చెవికి తప్పే తగులుతుంది, ఒప్పు జారిపోతుంది. అలా రాసుకుంటే తెలిసింది, ఆయన సగానికి పైగా చోట్ల ‘ఐ హ్యావ్’ అనే అంటున్నారు! రెండు రూపాలూ ఒకే మనిషి దగ్గర, కొన్నిసార్లు ఒకే నిమిషంలో.

ఇక్కడ రాబర్ట్ బ్లే-వ్రోమన్ 1983లో చేసిన హెచ్చరిక గుర్తుపెట్టుకోవాలి. నేర్చుకునేవాళ్ళ భాషని టార్గెట్ భాష కొలతతోనే ‘ఒప్పు ఇంత, తప్పు ఇంత’ అని కొలుస్తూ పోతే ఆ వ్యవస్థ లోపలి నియమం ఎప్పటికీ కనబడదు అన్నాడు. అందుకని ఒప్పు తప్పు పక్కనపెట్టి, బాబాయి ఎప్పుడు ఏది వాడుతున్నారో మాత్రమే చూశా. ‘ఐ హ్యావ్ ఎ హౌస్ ఇన్ గుంటూర్’, ‘ఐ హ్యావ్ సమ్ షేర్స్’. అదే ‘ఐ యామ్ హ్యావింగ్ దట్ ఫైల్ విత్ మీ’, ‘ఆర్ యూ హ్యావింగ్ చేంజ్?’, ‘దే ఆర్ హ్యావింగ్ ది కీస్ నౌ’. మనకి తెలుగులో ‘నాకు ఇల్లుంది’ వేరు, ‘నా దగ్గర ఫైలుంది’ వేరు కదా, ఆయన హ్యావింగ్ ఎక్కువగా ‘నా దగ్గర’ వైపుకి మొగ్గుతోంది. తెలుగు మళ్ళీ వెనక గుమ్మంలోంచి వచ్చింది, ఈసారి రూపం కాదు, అర్థం. రూపం స్కూల్ డ్రిల్లు ఇచ్చి ఉండొచ్చు, దాన్ని ఎక్కడ వాడాలన్న విభజన తెలుగు ఇచ్చి ఉండొచ్చు. కానీ ‘టూ బ్రదర్స్’ మాత్రం ఈ విభజనకి లొంగలేదు, తమ్ముళ్ళు ‘నాకు’ ఉంటారు గానీ ‘నా దగ్గర’ ఉండరు. ఒక్క మనిషి డేటా కాబట్టి దీన్ని మొగ్గు అనే రాశా, నియమం అనలేదు.

ఇక ఫాసిలైజేషన్. నేను సినాప్సిస్‌లో ఆ మాట ధీమాగా వాడా, ఫీల్డులో అందరూ వాడేదే. మైకేల్ లాంగ్ 2003లో దీన్ని గట్టిగా ప్రశ్నించాడు. మారకుండా ఉండటం చూపించగలం, ఇక ఎప్పటికీ మారదు అన్నది ఎలా చూపిస్తాం? మారకుండా ఉన్న దశని స్టెబిలైజేషన్ అందాం, ఫాసిలైజేషన్ అన్నది దానికి కారణమా, ఫలితమా కూడా తేలకుండా వాడేస్తున్నారు అన్నాడు. ‘ఎందుకు మారలేదు? ఫాసిలైజ్ అయింది కాబట్టి. ఫాసిలైజ్ అయిందని ఎలా తెలుసు? మారలేదు కాబట్టి.’ ఇలా గుండ్రంగా తిరుగుతుంది. నా రికార్డింగులు ఒకే కాలానివి, అంటే నేను స్టెబిలైజేషన్ కూడా చూపించలేను, ఆ రోజుల్లో అలా ఉంది అని మాత్రమే చెప్పగలను.

ఏళ్ళ తేడాతో చూపించిన వాటిల్లో నేను ఎక్కువసేపు గడిపింది డోనా లార్డియర్ చేసిన పాటీ కేసుతో. పాటీ అన్నది మారుపేరు, ఇండోనేషియాలో పెరిగిన చైనీస్ మూలాల మహిళ, హోకియన్, మాండరిన్ మాట్లాడుతుంది, ఇరవైల్లో అమెరికా వచ్చింది, కొన్నేళ్ళకి ఇంట్లోనూ ఆఫీసులోనూ దాదాపు ఇంగ్లీషే. వచ్చి పదేళ్ళు అయ్యాక ఒకసారి, మళ్ళీ దాదాపు తొమ్మిదేళ్ళ తర్వాత ఇంకోసారి రికార్డ్ చేశారు. గతకాలం రూపం పెట్టాల్సిన చోట్లలో ఆమె పెట్టింది మూడోవంతు, నూటికి 34 దగ్గర, తొమ్మిదేళ్ళ తర్వాత కూడా అంతే. ఇంతవరకు చూస్తే ఆగిపోయిన భాష అనే అంటాం, చైనీస్‌లో క్రియకి కాలం రూపం ఉండదు కాబట్టి ఆమె మనసులో కాలం అనేదే ఏర్పడలేదు అని కూడా అంటాం. కానీ లార్డియర్ అదే టేపుల్లో ఇంకోటి లెక్కపెట్టింది. హీ కి బదులు హిమ్, ఐ కి బదులు మీ అని పాటీ ఒక్కసారి కూడా అనలేదు. థియరీ ప్రకారం ఐ, హీ అనే కర్త రూపాలు రావాలంటే వాక్యంలో కాలం అనే స్థానం లోపల ఉండి తీరాలి. అంటే లోపల కాలం ఉంది, బయటికి క్రియ చివర ‘ఈడీ’గా రావట్లేదు. నోటితో చివరి జంట హల్లులు పలకడం కష్టం అయి ఉండొచ్చు, ఉన్నదానికి సరైన రూపం తగిలించడంలో ఇబ్బంది అయి ఉండొచ్చు, ఈమెయిళ్ళలో మాటల్లో కన్నా గతకాలం చాలా ఎక్కువగా పెట్టడం కూడా ఆ వైపే చూపిస్తుంది. కాబట్టి ‘ఆగింది’ అన్నాక కూడా ఏది ఆగింది అనే ప్రశ్న మిగిలే ఉంటుంది, వ్యాకరణమా, వ్యాకరణాన్ని బయటికి తెచ్చే దారా.

ఇదే బాబాయి దగ్గర పెట్టి చూశా. మెయిళ్ళు చూపించమంటే చూపించారు, వాటిల్లో ‘ఐ హ్యావ్’ తప్ప ‘హ్యావింగ్’ దాదాపు లేదు. వాక్యాలు రాసిచ్చి ఏది సరైందని అడిగితే టకటకా చెప్పేశారు. మరి మాటల్లో ఎందుకొస్తోంది? సెలింకర్ దీనికీ ఒక మాట చెప్పాడు, పోయిందనుకున్న రూపం మళ్ళీ తేలుతుంది, కష్టమైన కొత్త విషయం మాట్లాడుతున్నప్పుడో, కంగారులోనో, లేదా బాగా తీరిగ్గా ఉన్నప్పుడో అని. బాబాయి రికార్డింగుల్లో ఒకటి నాతో ఇంట్లో కూర్చుని మాట్లాడింది, ఇంకోటి ఆయన అమెరికన్ స్నేహితుడితో మాట్లాడింది, ఇద్దరి అనుమతితో. నాతో మాట్లాడినదాంట్లో హ్యావింగ్ జోరుగా ఉంది, స్నేహితుడితో దాదాపు మాయం. నన్ను చూస్తే వచ్చేది, అతన్ని చూస్తే పోయేది రాయిలా గట్టిపడిన రూపం ఎలా అవుతుంది?

కమల్ శ్రీధర్, ఎస్.ఎన్. శ్రీధర్ 1986లో రాసిన పేపర్ ఇక్కడ నాకు బాగా పనికొచ్చింది. రెండో భాష థియరీలన్నీ నేర్చుకునేవాళ్ళు నేటివ్ స్పీకర్లతో మాట్లాడటానికే నేర్చుకుంటున్నారని, వాళ్ళలా మాట్లాడటమే లక్ష్యమని ముందే అనేసుకుంటాయి, ఇండియా లాంటి చోట టీచరూ నేటివ్ కాదు, పక్క సీటువాడూ కాదు, వాళ్ళు వింటున్నది, అందుకోవాలనుకుంటున్నది ఇక్కడి ఇంగ్లీషే అన్నారు. బాబాయి వాళ్ళ మాస్టారు ‘హ్యావింగ్’ అన్నారు, క్లాసు మొత్తం అంది, హైదరాబాద్ ఆఫీసులో అందరూ అన్నారు. విన్నదాన్ని విన్నట్టు నేర్చుకున్న మనిషిని పట్టుకుని మధ్యలో ఆగిపోయావు అనడం నాకు అస్సలు సబబుగా లేదు, ఆయన తనకందిన ఇంగ్లీషుని పూర్తిగానే నేర్చుకున్నారు. ఇంటర్‌లాంగ్వేజ్ అన్న మాట ఒక్క మనిషి బుర్రలో ఉన్న వ్యవస్థకి పెట్టింది, ఊరంతా మాట్లాడే రూపానికి కాదు. ఇలా అంటే మన ఇంగ్లీషులో ఏ తప్పూ లేదని చెప్పేసినట్టేనా అని సెమినార్లో ఒకాయన అడిగారు. కాదు. ‘నాట్ నోయింగ్ హిజ్ నంబర్’ అనేది హైదరాబాద్‌లో కూడా అందరూ అనేది కాదు, దాన్ని నేను ఆయన సొంత వ్యవస్థ కిందే పెట్టా. ఒక్కో రూపానికి విడిగా చూడాల్సిందే.

చివరికి చాప్టర్‌లో ఫాసిలైజేషన్ అన్న మాట శీర్షికలోంచి తీసేశా, స్టెబిలైజేషన్ అని కూడా రాయలేదు, ‘ఈ కాలంలో కనిపించిన రెండు రూపాలు’ అని రాశా. మేడమ్ ఒప్పుకున్నారు, కాకపోతే ఒక షరతు మీద, కొన్నేళ్ళకి అదే మనిషిని అదే ఇద్దరితో మళ్ళీ రికార్డ్ చేయాలి, ఏం కనబడితే ఏం అంటానో ఇప్పుడే రాసిపెట్టాలి అన్నారు. రాసిపెట్టా. ఇద్దరి దగ్గరా తేడా ఇలాగే ఉంటే అది ఎవరితో ఏ ఇంగ్లీషు అన్న లెక్క, ఆగిపోవడం కాదు. నా దగ్గర కూడా హ్యావింగ్ తగ్గుతూ వస్తే అది ఇంకా కదులుతున్న వ్యవస్థ. అమెరికన్ స్నేహితుడి దగ్గర అలసిపోయిన సాయంత్రం, తెలియని టాపిక్ మీద మాట్లాడించినప్పుడు మాత్రమే, అదీ ‘నా దగ్గర ఉంది’ అర్థంలోనే మళ్ళీ మళ్ళీ బయటపడితే, అప్పుడు మాత్రం సెలింకర్ చెప్పినదాన్ని కాదనడం నాకు కష్టం.